కుండీ కింద తోక

విజయనగరం దాసన్నపేటలో ఒక డాబా మీద 8 అంగుళాల ప్లాస్టిక్ కుండీలో ముద్దమందార ఉంది. మే నెలలో ఒక ఆదివారం పొద్దున్న ఇంటావిడ డాబా కడగడానికని ఆ కుండీ ఎత్తితే, అడుగు కన్నంలోంచి మూడు తెల్లటి వేర్లు తోకల్లా వేలాడుతున్నాయి. చీపురు పక్కన పెట్టి ఫొటో తీసి, చుట్టాల గ్రూపులో వేసింది: "ఇదేటి ఇలగైపోయింది?"

తీర్పులు రావడానికి పావుగంట పట్టలేదు. బొబ్బిలి అత్తగారు, "మొక్కకి ఊపిరాడతల్లేదమ్మా, ఇవాళే మార్చీయండి" అన్నారు. చీపురుపల్లి చిన్నాన్న అడుగున కంకర వెయ్యమన్నారు. శ్రీకాకుళం బావగారు మాటల మనిషి కాదు. 20 లీటర్ల పెయింటు బకెట్టు బండి మీద పెట్టుకుని బయల్దేరిపోయారు. ఆ కుండీ కింద ఏముందని అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

అడగాల్సింది అదే. ఫొటోని కాస్త పెద్దది చేసి చూస్తే ఒక మూల నీళ్లతో నిండిన పళ్లెం అంచు కనిపిస్తుంది. పళ్లెంలో ఎప్పుడూ నీళ్లుంటే, కుండీలో సగం మట్టి ఖాళీగా ఉన్నా సరే, రెండు మూడు వేర్లు కన్నంలోంచి దిగి నీళ్లు తాగుతాయి. కుండీని నేరుగా నేల మీద పెట్టినా అంతే. కాబట్టి బయటికొచ్చిన వేరు చెప్పేది ఒక్కటే: కింద తడి ఉందని. లోపల చోటు ఉందో లేదో దాని నోట రాదు. ఫొటోలో వేరు రంగు మాత్రం పనికొస్తుంది. తెల్లగానో మీగడ రంగులోనో ఉండి గట్టిగా ఉంటే ఆరోగ్యం. నల్లగా మెత్తబడి, పట్టుకుంటే పై తొక్క జారిపోతుంటే అది కుళ్లు. ఇక్కడివి తెల్లనివే. అంటే మొక్క చావట్లేదు, ఆదివారం కూర మాడబెట్టుకోవలసినంత తొందర లేదు.

లోపలి సంగతి తెలియాలంటే రెండు ఆరాలు తియ్యాలి. ఒకటి, నీళ్లు పోసిన పూటే మళ్లీ ఆకులు వాలుతున్నాయా, మొగ్గలు విచ్చకుండా రాలుతున్నాయా? రెండోది, పోసిన నీళ్లు నిలవకుండా బుడుంగున కింద నుంచి వచ్చేస్తున్నాయా? ఇంటావిడని కదిపితే రెండూ నిజమేనని తేలింది.

అయినా ఇక్కడో మెలిక ఉంది. ఎండకి బాగా ఎండిపోయిన మట్టి కుంచించుకుని కుండీ గోడ నుంచి విడిపోతుంది. అప్పుడూ నీళ్లు ఆ సందులోంచే జారిపోతాయి. మట్టి దాహంతో ఉందో, వేర్లు నిండిపోయాయో తేల్చడానికి కుండీని ఒక అరగంట నీళ్ల తొట్టిలో అంచు వరకూ ముంచి తీయాలి. తరవాత రెండు రోజులు తడి నిలిస్తే అది వట్టి ఎండిన మట్టి, మార్చక్కర్లేదు. మర్నాటికే మళ్లీ ఎండిపోతే, లోపల మట్టి కంటే వేర్లు ఎక్కువున్నాయని అనుమానించాలి.

ఈ పరీక్ష జరిగే లోపలే బకెట్టు వచ్చేసింది.

ఇంటాయన మిట్టమధ్యాహ్నం, డాబా మీద కాలు పెట్టలేని ఎండలో, మందార మొదలు పట్టుకుని పైకి లాగారు. రాలేదు. బావగారు కుండీ పట్టుకున్నారు, ఈయన మొక్క పట్టుకున్నారు. అడుగున కన్నంలో వేర్లు బిగుసుకుని ఉంటే ఎన్ని చేతులు లాగినా ఫలితం ఒకటే: పటుక్కుమని శబ్దం వస్తుంది, వేర్లు కుండీలో ఉండిపోతాయి, మొక్క చేతికొస్తుంది. ఇక్కడ అదృష్టం కొద్దీ ఓ చిన్న భాగమే తెగింది. తరవాత బకెట్టుకి మేకుతో ఒకే ఒక్క కన్నం, అడుగున చిన్నాన్న గారి కంకర, పైన మట్టి, ఒక బిందె నీళ్లు. మూడు గంటలకల్లా మందార తలకాయ వేలాడేసింది. గ్రూపులో రెండో ఫొటో పడింది: "ఏటైపోతాది బావా?"

బకెట్టు ఎందుకు తప్పంటే, అది 12 అంగుళాలది. 8 నుంచి 12కి వెళ్తే మట్టి మూడింతలు దాటుతుంది. ఉన్న వేర్లు తాగేది కొంచెం, మిగతా మట్టి రోజుల తరబడి చిత్తడిగా ఉండి గాలి అందక వేర్లు కుళ్లుతాయి. 10 అంగుళాల కుండీ చాలు, అదే దాదాపు రెట్టింపు మట్టి. కంకర కూడా మేలు చెయ్యదు. పైన ఉన్న సన్నని మట్టి పూర్తిగా నిండితే గాని నీళ్లు కంకరలోకి దిగవు. దానివల్ల తడి నిలిచే పొర పైకి జరిగి వేర్లకి మరీ దగ్గరవుతుంది. కన్నాల మీద మట్టి జారకుండా ఒక పెంకు ముక్కో, పాత దోమతెర ముక్కో చాలు.

అసలైతే మేలో ఈ పని పెట్టుకోకూడదు. తొలకరి పడే దాకా నీడకి జరిపి, పూటకోసారి నీళ్లు పోస్తూ నెట్టుకురావచ్చు. ఇప్పుడెలాగూ కెలికేశారు కాబట్టి, ఆ సాయంత్రం ఎండ తగ్గాక మొక్కని బకెట్టులోంచి తీశారు. అప్పుడు తీసిన ఫొటో అన్నిటికంటే విలువైంది. వేర్ల ముద్ద కుండీ అచ్చులాగే నిలబడింది, వేర్లు అంచు వెంబడి గుండ్రంగా తిరిగి ఉన్నాయి, మట్టి అక్కడక్కడ మాత్రమే కనిపిస్తోంది. అంటే మార్చవలసిన మాట నిజమే. సగానికి పైగా మట్టి కనబడి ఉంటే మళ్లీ పాత కుండీలోనే దింపేసేవాళ్లం.

అలా చుట్టుకున్న వేర్లని అలాగే పెడితే కొత్త మట్టిలోకి వెళ్లకుండా పాత గుండ్రంలోనే తిరుగుతాయి. అందుకని అడుగున చాపలా అల్లుకున్న పొరని ఒక అంగుళం మేర కోసేశారు. పక్కల నాలుగు చోట్ల పై నుంచి కిందికి చాకుతో అర అంగుళం లోతున గీతలు పెట్టి, వేళ్లతో కొంచెం విడదీశారు. "అయ్యో, పీక కోసినట్టు కోసేస్తన్నారు" అని అత్తగారు వీడియో కాల్లో గొల్లుమన్నారు గాని, మందార ఆ మాత్రం కోతకి తట్టుకుంటుంది. కోసిన చోట కొత్త వేర్లు పుడతాయి.

రెండు చెంబుల ఎర్రమట్టికి ఒక చెంబు బాగా చివికిన గత్తం, ఒక చెంబు ఇసుక కలిపారు. పచ్చి గత్తమైతే వేడికి వేర్లు మాడతాయి. 10 అంగుళాల కుండీలోకి మార్చి, మొదలు పాత కుండీలో ఎంత లోతున ఉందో అంతే ఉంచి, పైన అంగుళం ఖాళీ వదిలి, కింద నుంచి కారే దాకా నీళ్లు పోసి, పళ్లెంలో చేరినవి పారబోశారు. తరవాత వారం పది రోజులు నీడలో. నెల్లాళ్ల దాకా ఎరువు లేదు.

నాలుగో రోజుకి కింది ఆకులు పసుపెక్కితే గ్రూపులో సంతాపాలు మొదలయ్యాయి. కొమ్మని గోటితో గీరి చూడమన్నాం, లోపల పచ్చగా ఉంది. పచ్చగా ఉన్నంత కాలం నీళ్లు ఎక్కువ పొయ్యకుండా ఊరుకోవడమే వైద్యం. పదో రోజుకి చిగురు కనబడింది. ఆ మధ్యాహ్నమే బావగారు ఫోన్ చేసి తన బకెట్టు తిరిగి ఇమ్మన్నారు. కన్నం మాటేమిటని అడిగితే, "ఒక్కటే కదా, ఎమ్ సీల్ ఎట్టీయండి" అన్నారు.