గాలి పొరల నిరోధాన్ని వదిలేశారు

"లోపల గాలి 20 డిగ్రీలు, బయట 0. గోడలోని ఇటుక, ఇన్సులేషన్, ప్లాస్టర్ నిరోధాలు కలిపి లెక్కేస్తే వేడి నష్టం చదరపు మీటరుకు 11.5 వాట్లు వస్తోంది. జవాబులో 10.5 ఉంది. ఎక్కడ తేడా?"

మీరు గోడ మాత్రమే లెక్కేశారండీ. ఒక్కో పొర నిరోధం L/k, అంటే మందాన్ని మీటర్లలో తీసుకుని ఉష్ణవాహకత kతో భాగించినది. 230 మి.మీ. ఇటుకకి (k = 0.8) L/k 0.29, 50 మి.మీ. థర్మకోల్‌కి (k = 0.035) 1.43, 15 మి.మీ. ప్లాస్టర్‌కి (k = 0.72) 0.02. మొత్తం 1.74. కానీ మీకిచ్చిన 20, 0 గాలి ఉష్ణోగ్రతలు, గోడ ఉపరితలాలవి కావు. గోడకి అంటుకుని ఉండే గాలి పొర కూడా వేడిని అడ్డుకుంటుంది. మామూలుగా లోపలి వైపు 0.13, బయట 0.04 తీసుకుంటారు. వాటిని సిరీస్‌లో కలపండి: 1.91. 20/1.91 = 10.5.

సరిచూసుకోవడం తేలిక. 10.5ని ఒక్కో నిరోధంతో గుణిస్తే అక్కడ ఎన్ని డిగ్రీలు పడిపోతాయో తెలుస్తుంది. థర్మకోల్‌లోనే 15 డిగ్రీలు, ఇటుకలో 3, ప్లాస్టర్‌లో 0.2, గాలి పొరల్లో 1.8. కూడితే 20 రావాలి, వచ్చింది.

థర్మకోల్ తీసేస్తే నష్టం దాదాపు 42 వాట్లు. అప్పుడు గాలి పొరల్ని మర్చిపోతే 65 వస్తుంది. పలచటి గోడల్లో ఈ పొరపాటు ఇంకా పెద్దది. ఇన్సులేషన్ గుండా ఇనుప బోల్టులు వెళ్తే మాత్రం ఈ సిరీస్ లెక్క చాలదు, వేడికి పక్కనే సమాంతర దారి దొరుకుతుంది.