రసం పీటకు, పీచు మనకు

ఓవెన్‌లోంచి కోడి బయటికి వచ్చిందంటే చాలు, మా బావగారి చేతిలో కత్తి మొలుస్తుంది. ఫోన్ అప్పటికే స్టాండెక్కి ఉంటుంది. కత్తి దిగుతుంది, పీట మీద రసం మడుగు కడుతుంది, ఆయన ఊగిపోతూ ‘చూశారా, ఎంత జ్యూసీనో!’ అంటారు. బావగారూ, జ్యూసీగా ఉన్నది పీట. కోడి కాదు.

వేడికి మాంసంలోని నారలు బిగుసుకుని, తడిగుడ్డను పిండినట్టు లోపలి నీటిని తోసేస్తాయి. ఆ నీరు అప్పుడు పల్చగా ఉంటుంది, గాటు పడితే అటే పారిపోతుంది. కాసేపు ఆగితే నారలు కొంచెం సడలుతాయి, రసం కూడా చిక్కబడుతుంది. పొయ్యి మీద నీళ్లలా మరిగిన పాయా, కాస్త చల్లారాక వేళ్లకు అంటుకోదూ? అదే జిగురు ఇక్కడా ఎంతో కొంత పనిచేస్తుంది. చిక్కబడ్డ రసం కోసినా ముక్కను అంత తేలిగ్గా వదిలిపోదు.

పోయిన ఆదివారం కిలోన్నర కోడి. కుడివైపు రొమ్ము ముక్క బావగారు రివాజు ప్రకారం కోసి పారేశారు. ఎడమవైపుకి నేను కాపలా కూర్చున్నాను. ఫాయిల్ వదులుగా కప్పాను. బిగించి చుడితే ఆవిరికి కరకరలాడే తోలు తడి అట్టముక్క అవుతుంది. పదిహేను నిమిషాల్లో ఆయన మూడుసార్లు ‘చల్లారిపోతోందయ్యా’ అని నిట్టూర్చారు, ఒకసారి ఫాయిల్ ఎత్తి కోడి ముఖం చూడబోయారు. ముఖం ఎక్కడుంది దానికి? దించాక కూడా పైపొర వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది. మధ్యలో ఉష్ణోగ్రత మూడు నాలుగు డిగ్రీలు పెరిగి, ఆ తర్వాతే తగ్గుతుంది. అంత లావు కోడి పావుగంటలో చల్లారడానికి అదేమైనా కాఫీయా?

కోశాక నా వైపు కారింది చెంచాడు. ఆయన వైపు ముక్క మింగడానికి మాత్రం రెండు గ్లాసుల నీళ్లు పట్టాయి.

అన్నిటికీ గడియారం పెట్టుకోమనడం లేదు. సన్నటి కబాబు ముక్కలు వేడివేడిగా లాగించండి. కూరకు ఈ బాధే లేదు, కారిన రసం పులుసులోనే ఉంటుంది.

నవ్వులాట ఇక్కడితో సరి. ఆ ఎండు ముక్క నములుతూ బావగారు ‘ఈసారి చెక్కలా వండావేంటే’ అన్నారు మా అక్కతో. ముందురోజు రాత్రే ఉప్పు, పెరుగు పట్టించి, గంటన్నర ఓవెన్ ముందు నిలబడి, సరిగ్గా ఉడికించిన మనిషితో! పాడుచేసింది కత్తి పట్టినవాడు, మాట పడింది వండినావిడ. పైగా అందరికీ వడ్డించాక ఆవిడ కంచంలోకి చేరింది కూడా ఆ కుడివైపు ముక్కే. సిగ్గుండక్కర్లేదా?

వీడియోకి మాత్రం ‘సూపర్ జ్యూసీ అన్నా’ అని కామెంట్లు వస్తూనే ఉన్నాయి. అక్క పీట తుడిచి, ఆ గుడ్డను సింకులో పిండింది.