బంగారం రేటు షాపులో పుట్టదు

"బంగారం రేటు రోజూ నగల షాపులవాళ్లు కూడబలుక్కుని పెట్టేదే. యుద్ధం వార్త వస్తే ఆలస్యం చేయకుండా కొనేయండి. లేదంటే రేటు బాగా పడే రోజు దాకా ఆగి, ఆ రోజే మొత్తం ఒకేసారి కొనండి."

బంగారం కొనబోయేవాళ్లకు తరచూ వినిపించే ఈ మూడు మాటలూ నమ్మదగ్గవి కావు. మొదటి మాటకు ఇంత బలం ఎందుకొచ్చిందో తెలుసు. చాలా చోట్ల పొద్దున్నే వ్యాపారుల సంఘం ఒక రేటు చెబుతుంది, అన్ని షాపుల్లో అదే కనిపిస్తుంది. కానీ వాళ్లు చేసేది లెక్క కట్టడం మాత్రమే. రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు కూడా న్యూయార్క్‌లో ఫ్యూచర్స్, అంటే ముందు తేదీకి బంగారం కొనే, అమ్మే ఒప్పందాలు, నడుస్తుంటాయి. లండన్‌లో రోజుకు రెండుసార్లు, అక్కడి టైమ్ ప్రకారం పొద్దున 10:30కీ మధ్యాహ్నం 3కీ, వేలం పెట్టి ధర తేలుస్తారు. ఆ ధర ఔన్సుకు, అంటే 31.1 గ్రాములకు, డాలర్లలో ఉంటుంది. దాన్ని గ్రాముకు తెచ్చి, ఆ రోజు డాలర్ మారకం విలువతో గుణించి, దిగుమతి సుంకం ఉంటే అదీ కలుపుతారు. శని, ఆదివారాలు గమనించండి: ఆ మార్కెట్లు మూసి ఉంటాయి కాబట్టి షాపులో జనం ఎంత కిక్కిరిసినా రేటు దాదాపు కదలదు.

ఈ లెక్కలో జనం మరిచిపోయేది డాలర్. రాత్రి ఔన్సు ధర ఒక శాతం పడి, అదే రోజు మన కరెన్సీ డాలర్ ముందు ఒక శాతం బలహీనపడితే రేటు ఉన్నచోటే ఉంటుంది. "ప్రపంచమంతా తగ్గింది, మనకే తగ్గించలేదు" అని కౌంటర్ దగ్గర గొడవ పడేది ఇలాంటి రోజునే. షాపు చేతిలో నిజంగా ఉన్నవి మజూరీ, తరుగు, డిస్కౌంట్లు. గిరాకీని బట్టి మారేవి ముఖ్యంగా అవే.

యుద్ధం సంగతికి 2022 చూస్తే చాలు. ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌లోకి దిగిన రోజున ఔన్సు 1,970 డాలర్ల దాకా ఎగిరి, ఆ రోజు ముగిసేసరికి 1,900 దగ్గరికి దిగింది. మార్చి 8న 2,070 తాకింది. సెప్టెంబర్ చివరి వారంలో 1,650 కంటే కిందికి దిగింది. యుద్ధం మాత్రం ఆగలేదు! మధ్యలో జరిగిందేమిటంటే, అమెరికా కేంద్ర బ్యాంకు మార్చి నుంచి వడ్డీ రేట్లు పెంచుకుంటూ పోయింది. బంగారం వడ్డీ ఇవ్వదు. బాండ్లలో పెడితే మంచి వడ్డీ వస్తుందంటే పెద్ద మదుపరులు అటు వెళ్తారు. వార్త మీ ఫోన్‌కి చేరేసరికి ధర అప్పటికే పెరిగి ఉంటుంది. టెన్షన్‌తో పరిగెత్తేవాళ్లకు దొరికేది ఆ పెరిగిన ధరే.

మూడోది చూడ్డానికి తెలివైన సలహాలా ఉంటుంది. కానీ పడిన రోజున అది అడుగో, నడిమెట్టో ఎవరికీ తెలియదు. 2013 ఏప్రిల్ 12, 15 తేదీల్లో, రెండు ట్రేడింగ్ రోజుల్లో ఔన్సు దాదాపు 200 డాలర్లు పడింది. ఇంతకంటే మంచి రోజు ఉండదని అప్పుడే మొత్తం కొన్నవాళ్లు, జూన్ చివరికి 1,200 దగ్గర ధర చూశారు. 2015 డిసెంబర్‌లో అది 1,050 దగ్గరికి వచ్చింది.

అవసరం ఉన్న ఇంటికి తేదీ ముందే తెలుసు. 8 నెలల్లో 40 గ్రాములు కావాలనుకోండి. లెక్క సులువు కోసం ఇవాళ గ్రాము 100 అనుకుందాం. రెండు నెలలకోసారి 10 గ్రాములు కొంటూ పోతే, ఆ రోజుల్లో రేటు 100, 104, 97, 103 అయితే మొత్తం 4,040. తొంభై ఐదుకు వస్తే కొందామని కూర్చున్నవాళ్లు చివర్లో 103కి 4,120 పెట్టాలి. రేటు వరసగా పడుతూ వచ్చి ఉంటే వాళ్లే గెలిచేవారు. విడతలుగా కొంటే బాగా నష్టపోయే అవకాశం తగ్గుతుంది, అంతే.

చిన్న నగలైతే ఇది సులువు. ఒకటే పెద్ద నగ కావాలంటే ముందు కాయిన్లు కొని తర్వాత మార్చుకోవాలి. అక్కడే జాగ్రత్త: కాయిన్‌పై అదనపు ఛార్జీ, మార్పిడిలో కోత కలిపి రెండు శాతం దాటితే, పై లెక్కలో విడతల వల్ల మిగిలిన 80 అక్కడే పోతుంది. కొనే ముందే అడిగి బిల్లుపై రాయించుకోండి.

ఇక అసలు డబ్బు మిగిలే చోటు రేటు బోర్డు కాదు. అదే 40 గ్రాములకు ఒక షాపులో మజూరీ, తరుగు కలిపి 14 శాతం, ఇంకో షాపులో 8 శాతం అయితే తేడా 240. రేటు తగ్గడం ద్వారానే ఆ 240 మిగలాలంటే గ్రాము 100 నుంచి 95 కిందికి రావాలి. దానికి నెలలు పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు. ఇంకో షాపుకు వెళ్లి అడగడానికి ఒక సాయంత్రం చాలు.