బ్యాలెన్స్ టాలీ అయింది కదా, ఇంకేంటి గొడవ

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పోస్ట్ అయిన, అంటే లెడ్జర్‌లోకి ఎక్కేసిన డాక్యుమెంట్‌కి డిలీట్ బటన్ పెట్టకపోవటం అకౌంటెంట్ల మీద సాఫ్ట్‌వేర్ వాళ్లు చేసిన పెద్ద కుట్ర అని నేను చాలా కాలంగా మొత్తుకుంటున్నా, ఎవరూ పట్టించుకోరు. ఫోన్‌లో మెసేజ్ తప్పు పంపితే వెనక్కి తీసుకోవచ్చు, ఇన్‌వాయిస్ తప్పు పోస్ట్ చేస్తే మాత్రం అది జన్మంతా లెడ్జర్‌లో కూర్చుని మన వైపే చూస్తుంటుంది. పైగా దాన్ని సరిచెయ్యటానికి మూడు దారులిచ్చారు, రివర్సల్, క్రెడిట్ నోట్, అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీ. ఒకటుంటే సరిపోయేదానికి మూడు ఇచ్చారంటే మనం గొడవ పడాలనే కదా.

మా ఆఫీసులో జరిగిందే చెప్తా. ఒక కస్టమర్‌కి 100 పీసులు అమ్మాం, రేటు 450. బిల్లు కొట్టినాయన వేలు జారి 540 కొట్టాడు. 45,000 అవ్వాల్సిన బిల్లు 54,000 అయింది, తేడా 9,000. తేడా 9తో భాగిస్తే శేషం లేకుండా పోతే ముందు అంకెలు తారుమారయ్యాయేమో చూడమని పాతకాలం గుమస్తాలు చెప్పేవాళ్లు, ఆ లెక్కన ఇది పాఠ్యపుస్తకంలో పెట్టాల్సిన తప్పు. బిల్లు 28న పోస్ట్ అయింది, అదే రోజు కస్టమర్‌కి వెళ్లిపోయింది. మేం చూసింది తర్వాతి నెల 3న, అప్పటికే పాత నెల మూసేసారు.

ఇప్పుడు బ్యాలెన్స్ టాలీ అయితే చాలనే మా వర్గం సిద్ధాంతం ఏంటంటే, మూడు దారుల్లో ఏది పట్టుకున్నా కస్టమర్ బాకీ చివరికి 45,000 అవుతుంది, కాబట్టి మూడూ ఒకటే, ఏ దానికి సంతకాలు తక్కువ కావాలో అది ఎంచుకోవాలి. ఇంత ప్రజాస్వామికమైన సిద్ధాంతాన్ని ఆడిటర్లు ఒప్పుకోరు. వాళ్లకి బ్యాలెన్స్ చూపిస్తే సరిపోదంట, అది ఎలా వచ్చిందో కథ కావాలంట.

రివర్సల్ కథ సూటిగా ఉంటుంది. ఆ బిల్లు అసలు పుట్టనే లేదు అని ప్రకటించటం అన్నమాట. 54,000కి అద్దంలో బొమ్మలా తిరగేసిన ఎంట్రీ పడుతుంది, తర్వాత సరైన 45,000 బిల్లు కొత్తగా వేస్తాం. రెండు డాక్యుమెంట్లనీ సాఫ్ట్‌వేర్ ముడేసి పెడుతుంది, ఎస్ఏపీ అనే సాఫ్ట్‌వేర్‌లో అయితే పాత డాక్యుమెంట్ హెడర్‌లో `STBLG` అనే ఫీల్డ్‌లో రివర్సల్ నంబర్ వచ్చి కూర్చుంటుంది, ఎవరు చేసారు, ఎప్పుడు చేసారు, ఏ కారణం ఇచ్చారు అన్నీ ఉంటాయి. అంటే పుట్టలేదు అని చెప్పటానికి జనన ధ్రువీకరణ పత్రం, మరణ ధ్రువీకరణ పత్రం రెండూ జతచేసి ఇస్తున్నాం. బ్యాలెన్స్ బాగానే ఉంటుంది కానీ ఆ ఖాతా టర్నోవర్ చూస్తే డెబిట్ వైపు 99,000, క్రెడిట్ వైపు 54,000, ఒక్క బిల్లు కస్టమర్ పెద్ద పార్టీలా కనిపిస్తాడు. దీనికే కొన్ని చోట్ల నెగటివ్ పోస్టింగ్ పెట్టారు, క్రెడిట్ వైపు వెయ్యకుండా అదే డెబిట్ వైపు మైనస్ వేస్తారు, టర్నోవర్ ఉబ్బదు.

అసలు చిక్కు తేదీలో ఉంది. పాత నెల మూసేసారు కాబట్టి రివర్సల్ కొత్త నెలలో పడుతుంది. పాత నెల అమ్మకాల్లో 54,000 అలాగే ఉంటుంది, కొత్త నెలలో మైనస్ 54,000, ప్లస్ 45,000. ఏడాది చివరి నెల కాకపోతే పెద్దగా ఎవరూ అరవరు. ఏడాది దాటితే, మొత్తం పెద్దదైతే, ఐఏఎస్ 8 అనే అకౌంటింగ్ స్టాండర్డ్ ప్రకారం పాత ఏడాది అంకెల్నే తిరగరాయాలి, ఈ ఏడాది ఖాతాలో పడేసి చేతులు దులుపుకుంటే కుదరదు. ఇంకోటి, బిల్లు బిల్లింగ్ మాడ్యూల్‌లో పుడితే క్యాన్సిల్ కూడా అక్కడే చెయ్యాలి, నేరుగా లెడ్జర్‌లో తిప్పేస్తే ఆర్డర్ మాత్రం ఇంకా బిల్లయిపోయింది అనే అనుకుంటూ ఉంటుంది, కొత్త బిల్లు వెయ్యనివ్వదు. డబ్బులొచ్చి, వాటిని బిల్లుకి ముడేసి క్లియర్ చేసేసి ఉంటే ముందు ఆ క్లియరింగ్ విప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, బిల్లు గుమ్మం దాటి కస్టమర్ చేతికెళ్లింది, మన పుస్తకంలో పుట్టలేదని రాసుకున్నంత మాత్రాన ఆయన ఫైల్లోది మాయం కాదు, ఆయనకి క్యాన్సిల్ కాగితం చేరాలి.

అందుకే బయటికెళ్లిన బిల్లుకి క్రెడిట్ నోట్ అంటారు పెద్దలు. ఇది తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం, నంబర్ ఉంటుంది, తేదీ ఉంటుంది, ఫలానా బిల్లు మీద రేటు తేడా 9,000 అని ఉంటుంది. కస్టమర్ కూడా దాన్ని తన పుస్తకంలో వేసుకుంటాడు, ఇద్దరి స్టేట్‌మెంట్లూ కలుస్తాయి, ఏం జరిగిందో వరసగా చూపించే ఆడిట్ ట్రైల్‌లో 54,000 బిల్లు, దాని కిందే 9,000 క్రెడిట్ నోట్, చదివిన ఎవరికైనా ఏం జరిగిందో అర్థమవుతుంది. అర్థమవ్వటమే మాకు నచ్చనిది. ఎందుకంటే క్రెడిట్ నోట్‌కి కారణం కోడ్ కావాలి, మేనేజర్ ఆమోదం కావాలి. ఊరికే పెట్టలేదు ఇవి, కస్టమర్ ఇచ్చిన డబ్బు జేబులో వేసుకుని ఆ బాకీని క్రెడిట్ నోట్‌తో మాయం చెయ్యటం చాలా పాత విద్య. ఏడాది అయిపోయాక మొదటి వారాల్లో ఇచ్చిన క్రెడిట్ నోట్లు ఆడిటర్లు ప్రత్యేకంగా తిరగేస్తారు, డిసెంబర్‌లో టార్గెట్ కోసం అమ్మి జనవరిలో వెనక్కి తీసుకునే వీరుల కోసం.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, మావాడు అందులోనే పడ్డాడు. క్రెడిట్ నోట్ స్క్రీన్‌లో రేటు తేడా అని, సరుకు వాపస్ అని రెండు రకాలుంటాయి. మావాడు వాపస్ ఎంచుకుని, 9,000 రావాలి కాబట్టి 20 పీసులు, రేటు 450 అని కొట్టాడు. మొత్తం కరెక్టే, చాలా తెలివైనవాడు. కానీ గోడౌన్ పుస్తకంలోకి 20 పీసులు గాల్లోంచి నడుచుకుంటూ వచ్చేసాయి. స్టాక్ లెక్క రోజు స్టోర్ కీపర్ వాటికోసం బల్లల కింద టార్చ్ వేసి వెతికాడు పాపం. ఇంకో ఘనకార్యం, బిల్లు నంబర్ రాయాల్సిన రిఫరెన్స్ గడి ఖాళీ వదిలేసాడు, తప్పనిసరి కాదుగా అని.

ఇక మూడోది, మా వర్గానికి ఇలవేల్పు, మేం జేవీ అంటే జర్నల్ వోచర్ అని పిలిచే అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీ. అమ్మకాలు డెబిట్ 9,000, కస్టమర్ క్రెడిట్ 9,000, కింద నేరేషన్‌లో "తేడా సర్దుబాటు" అని రెండు ముక్కలు, అయిపోయింది. ఎవరినీ అడగక్కర్లేదు, కస్టమర్‌కి చెప్పక్కర్లేదు. అందువల్లే ట్రైల్‌లో ఏమీ మిగలదు, మిగిలేది ఒక జేవీ నంబర్, యూజర్ పేరు, తేదీ. ఏ బిల్లు, ఏ రేటు, ఎందుకు అనేది వేసినవాడి బుర్రలో ఉంటుంది, వాడు ఉద్యోగం మారితే వాడితోపాటే వెళ్లిపోతుంది. ఏ బాకీ ఎన్నాళ్లదో చూపించే ఏజింగ్ రిపోర్ట్‌లో 54,000 బిల్లు పాతబడుతూనే ఉంటుంది, పక్కన మైనస్ 9,000 ఎవరికీ చెందని పిల్లాడిలా తిరుగుతుంటుంది. బిల్లింగ్ నుంచి వచ్చే అమ్మకాల రిపోర్ట్‌కి ఈ జేవీ సంగతే తెలీదు. కస్టమర్ ఖాతా వదిలేసి నేరుగా అందరి బాకీల మొత్తం ఉండే కంట్రోల్ అకౌంట్‌లో వేద్దామంటే చాలా సాఫ్ట్‌వేర్లు అడ్డుకుంటాయి, లేకపోతే మొత్తం బాకీలకీ కస్టమర్ల జాబితాకీ 9,000 తేడా వచ్చి నెలనెలా వెంటాడుతుంది.

నిజం చెప్పాలంటే జేవీకి పనులున్నాయి, ఖర్చు ఒక డిపార్ట్‌మెంట్‌ది ఇంకో డిపార్ట్‌మెంట్‌లో పడితే మార్చటం, ఇంకా రాని బిల్లుకి ముందే ప్రొవిజన్ అని ఖర్చు రాసి పెట్టటం, అంటే బయటివాడి కాగితం మారనక్కర్లేని చోట. కానీ మా వర్గం అన్నిటికీ అదే వాడుతుంది, జలుబుకీ అదే, విరిగిన కాలుకీ అదే. అందుకే కాబోలు ఐఎస్ఏ 240 అనే ఆడిట్ స్టాండర్డ్ మాన్యువల్ జర్నల్ ఎంట్రీల్ని పట్టి పట్టి పరీక్షించమంటుంది, నెలాఖరున వేసినవి, వివరణ లేనివి, మామూలుగా ఎంట్రీలు వెయ్యని మనిషి వేసినవి. ఎవరో మా ఆఫీసుని చూసే రాసారని నా అనుమానం.

ఇంతకీ మా బిల్లు ఏమైందంటే, మూడూ జరిగాయి. 3న అకౌంట్స్‌లో నేను జేవీ వేసా, 9,000. 4న సేల్స్‌వాళ్లు, కస్టమర్ ఫోన్ చేసాడని, పైన చెప్పిన క్రెడిట్ నోట్ ఇచ్చారు, ఇంకో 9,000. 6న కొత్తగా చేరిన అమ్మాయి, పద్ధతిగా పని నేర్చుకుని వచ్చింది మరి, బిల్లు తప్పుందని చూసి బిల్లింగ్‌లో క్యాన్సిల్ చేసి 45,000కి కొత్తది వేసింది. క్రెడిట్ నోట్‌లో బిల్లు నంబర్ ఉండి ఉంటే క్యాన్సిల్ చేసేటప్పుడు అడ్డుపడేదేమో, ఖాళీ గడి కదా, సాఫ్ట్‌వేర్‌కి అది ఇంకెవరి గొడవో అనిపించింది. నా జేవీ ఎలాగూ దేనికీ కట్టి లేదు.

లెక్క వేసుకోండి. 54,000లో 9,000 పోయి, ఇంకో 9,000 పోయి, 54,000 పోయి, 45,000 కలిస్తే 27,000. బిల్లింగ్ రిపోర్ట్‌లో జేవీ ఉండదు కాబట్టి అక్కడ అమ్మకాలు 36,000. గోడౌన్‌లో లేని 20 పీసులు. ముగ్గురం ఒకే తప్పుని ఎవరికి వాళ్లం నిజాయితీగా సరిచేసాం, విడివిడిగా చూస్తే ఒక్క ఎంట్రీకి కూడా వంక పెట్టలేరు.

"ఇందులో ఏది ఉంచాలి సార్?" అంది ఆ అమ్మాయి. నేను గంభీరంగా ఆలోచించి, 18,000కి ఇంకో జేవీ వేద్దాం అన్నా. ఆమె నా వైపు చూసిన చూపు నేను ఇక్కడ రాయను. తర్వాత ఆమే కూర్చుని నా జేవీని దాని నంబర్‌తోనే రివర్స్ చేసే కాగితం తయారుచేసింది, కస్టమర్ చేతిలో పాత బిల్లుకి క్యాన్సిల్ కాగితం, కొత్త 45,000 బిల్లు రెండూ వెళ్లాయని తేల్చుకుంది, కాబట్టి క్రెడిట్ నోట్ కూడా రద్దు, దానికీ కాగితం, దాంతోపాటే 20 పీసులు వెళ్లిపోతాయి అని చెప్పి అన్నిటికీ ఒకే రిఫరెన్స్‌లో ఆ మొదటి బిల్లు నంబర్ రాసి, మేనేజర్ టేబుల్ మీద సంతకం కోసం పెట్టింది. మేనేజర్ అప్పటికి సెలవులో ఉన్నారు.

ఈలోగా పాత స్టేట్‌మెంట్ 27,000 అని కస్టమర్‌కి వెళ్లిపోయింది. ఆయన మర్నాడే మారుమాట లేకుండా 27,000 కట్టేసాడు. ఏడాది చివర్లో ఆడిటర్లు, మీ బాకీ ఇంతేనా అని అడిగే బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ పంపితే, బాకీ సున్నా, పూర్తిగా అంగీకరిస్తున్నాం అని సంతకం, స్టాంపు కొట్టి అన్నిటికంటే ముందు వెనక్కి పంపింది ఆయనే.