పాఠకాధములలో ఏడవవాడు

వేదం చదివేవారిలో అధములు ఆరుగురని పాణినీయ శిక్ష లెక్కగట్టింది: పాటలా పాడేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, రాసినది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పీలగా ఉన్నవాడు. నెల్లూరులో మా బంధువుల కుర్రవాడు నడిపే భక్తి ఛానల్‌లో నమకం చదివే యంత్రానికి తల లేదు కనుక ఊపదు, వేగం మనం పెట్టినంతే ఉంటుంది, గొంతు బలం స్పీకరు చూసుకుంటుంది, స్వరమే లేదు కనుక పాటగా పాడుతోందన్న నింద రాదు. ఇక మిగిలినవి చూసి చదవడం, అర్థం తెలియకపోవడం. ఆ రెండింటికే అధముడని ముద్ర వేయడం అన్యాయమని నా మనవి.

ఆ గొంతు పెన్న ఒడ్డున ఉండే ఒక వృద్ధ ఘనపాఠిగారిది. ఒక ఒడుగులో ఆయన ఆశీర్వచనం చేస్తుండగా ఫోనులో పట్టుకున్న రెండు నిమిషాల శబ్దం అచ్చు తీయడానికి చాలింది. అనుమతి అడిగావా అంటే కుర్రవాడు శాస్త్రమే చెప్పాడు: వేదం అపౌరుషేయం, కర్త లేనిదానికి హక్కుదారు ఎక్కడుంటాడు? వేదం అపౌరుషేయమే కానీ గొంతు ఒక పురుషుడిదే కదా అన్న నా సందేహాన్ని అతడు పాత తరపు చాదస్తంగా కొట్టిపారేశాడు. మన నెల్లూరువారైన బాలసుబ్రహ్మణ్యంగారి గొంతును యంత్రంతో పుట్టించి సినిమాలో వాడారని ఆయన కుమారుడు 2024లో నోటీసు పంపిన సంగతి గుర్తుచేస్తే, అది సినిమా, ఇది భక్తి అన్నాడు.

సరే, పఠనం విందాం. పుస్తకంలో గొంతు హెచ్చుతగ్గులు తెలిపే స్వరాలలో అనుదాత్తానికి అక్షరం కింద గీత, స్వరితానికి పైన నిలువు గీత ఉంటాయి, ఉదాత్తానికి గుర్తే ఉండదు. కుర్రవాడు యంత్రానికి ఇచ్చిన పాఠంలో ఆ గీతలన్నీ రాలిపోయాయి. అందువల్ల అది వార్తలు చదివినట్లు ప్రతి వాక్యం చివరా గొంతు దించుతుంది. స్వరం ఒక్కచోట తప్పినందుకే, ఇంద్రుణ్ణి చంపేవాడు కావాలని హోమం చేసిన త్వష్టకు ఇంద్రుడి చేతిలో చచ్చే కొడుకు పుట్టాడు. మన ఛానల్‌లో తప్పేందుకు స్వరమే లేదు కనుక ఆ ప్రమాదమూ లేదు.

‘మా హిగ్ంసీః పురుషం జగత్’ అన్నచోట ఇంకా రమ్యంగా ఉంటుంది. మనుషులను, జగత్తును హింసించకు అని రుద్రుణ్ణి వేడుకునే మాట అది. సకారం ముందు అనుస్వారాన్ని కృష్ణయజుర్వేదులు ‘గ్ం’ అని ముక్కులోనుంచి పలుకుతారు, పుస్తకాలూ అలాగే అచ్చువేస్తాయి. ఆ ఒత్తు ఎందుకుందో ఎరుగని యంత్రం ‘మాహి, గమ్, సీహి’ అని మూడు ముక్కలు చేసింది, అదీ ఘనపాఠిగారి గొంతుతోనే. పాఠం ఎక్కడ తెగాలో ఎక్కడ కలవాలో గురువు ముందు కూర్చుని ఏళ్ల తరబడి నేర్చిన మనిషి శ్వాస దానిలో లేదు, ఊపిరి తీసుకున్న చప్పుడు మాత్రం కుర్రవాడు విడిగా కలిపాడు.

యంత్రంతో చేసిన గొంతు అని వీడియోలో తెలపాలన్న నిబంధన ఉంది కదా అంటే, భక్తుల మనసు చెదురుతుందని వేయలేదన్నాడు. ఆ మాట నిజమే కావచ్చు. మొన్న రుద్రాభిషేకానికి ఘనపాఠిగారిని పిలిచిన ఒక గృహస్థు, అంతా అయ్యాక దక్షిణ తాంబూలం అందిస్తూ, ‘స్వామీ, ఛానల్‌లో మీరు గమ్ సీహి అని స్పష్టంగా అంటారే, ఇవాళ మింగేశారేం?’ అని వినయంగా అడిగారట.