సవరణ: కిలో కేక్ ధర 784 కాదు, 880

"అక్కా, మీ లెక్క ప్రకారమే 784కి అమ్మాను. 40 శాతం మిగలాలి కదా, 224 రూపాయలే మిగిలాయి. ఎక్కడ తేడా వచ్చింది?"

తేడా నా లెక్కలోనే ఉంది. సామాను 390, గ్యాస్ 15, బాక్స్, బోర్డు, రిబ్బన్ కలిపి 75, డెలివరీ 80, మొత్తం 560 అని రాసి, దాన్ని 1.4తో గుణించమన్నాను. అది తప్పు. అలా చేస్తే ఖర్చు మీద 40 శాతం కలుస్తుంది. అమ్మకం ధరలో చూస్తే అది 28.6 శాతమే. కాస్ట్ అకౌంటింగ్ పాఠాల్లో మార్జిన్‌ను అమ్మకం ధర మీదే లెక్కకడతారు.

40 శాతం మనకు మిగలాలంటే, అమ్మకం ధరలో ఖర్చు 60 శాతం కావాలి. అందుకే ఖర్చును 0.6తో భాగించాలి. డెలివరీని మాత్రం ఇందులో కలపకండి. అది బండి అబ్బాయికి వెళ్లే డబ్బు, పైగా దూరాన్ని బట్టి మారుతుంది. మిగిలిన ఖర్చు 480.

480 ÷ 0.6 = 800

దీనికి డెలివరీ 80 కలిపితే కస్టమర్‌కు చెప్పాల్సింది 880. ఖర్చులు పోగా మీకు 320 మిగులుతుంది. మీ కూలి కూడా అందులోనే ఉంది, కాబట్టి ఫాండెంట్ బొమ్మలు చేసే ఆర్డర్‌కు ఈ శాతం సరిపోదు. ఆ గంటల కూలిని ముందు ఖర్చులో కలిపి, తర్వాత భాగించండి.

డిస్కౌంట్ అడిగితే 800 మీదే ఇవ్వండి, డెలివరీ మీద వద్దు. 10 శాతం తగ్గిస్తే మీకు మిగిలేది 240.