పద్నాలుగు శాతం పరువు

మా బావమరిది పోయిన ఆదివారం భోజనానికి వచ్చి, పప్పన్నం తిని, నా ఫోన్ బ్యాటరీని బాగుచేసి వెళ్లాడు. ఆ బాగు ఫలితంగా ఇవాళ మెట్రో స్టేషన్‌లో నా పరువు పోయింది.

రైలు దిగి బయటికెళ్లే గేటు దగ్గర ఫోన్ తీశాను. టికెట్ అందులోనే ఉంది. బ్యాటరీ 14 శాతం. క్యూఆర్ తెరవగానే యాప్ తన పద్ధతి ప్రకారం స్క్రీన్ వెలుగును పూర్తిగా పెంచింది. ఫోన్ ఒక్కసారి ధగధగా మెరిసి, గుర్ర్‌మని వణికి, నల్లబడిపోయింది. నేను మాత్రం ఆ నల్లటి అద్దాన్ని గేటు మీద అటు తిప్పి ఇటు తిప్పి రుద్దుతూనే ఉన్నాను. వెనక క్యూలో ఎవరో పెద్దాయన "బాబూ, కాస్త తుడిచి పెట్టు" అన్నారు. చొక్కా అంచుతో తుడిచి కూడా పెట్టాను.

సెక్యూరిటీ అతను కౌంటర్‌కి పంపాడు.

"టికెట్ చూపించండి సార్."

"ఫోన్లో ఉందండీ. ఛార్జింగ్ అయిపోయింది."

"ఛార్జింగ్ పెట్టుకుని రండి."

"ఎక్కడ?"

"బయట షాపులో పెడతారు సార్."

"బయటికి వెళ్లనిస్తారా?"

"టికెట్ చూపిస్తే వెళ్లొచ్చు సార్."

ఆయన ముఖంలో వెటకారం లేదు. అదే బాధ. వెటకారమైతే పోట్లాడొచ్చు. ఆయన నిజంగానే సాయం చేస్తున్నాననుకుంటున్నాడు. నేను మళ్లీ మొదటినుంచి చెప్పాను, ఆయన మళ్లీ మొదటినుంచి విన్నాడు, ఇద్దరం కలిసి మళ్లీ బయటి షాపు దాకా వచ్చి ఆగాం.

చివరికి ఒక ఇంజనీరింగ్ అమ్మాయి జాలిపడి పవర్‌బ్యాంక్ ఇచ్చింది. అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాం. "14 శాతం ఉండగా ఎలా పోయిందమ్మా?" అంటే, "ఆ అంకె అంచనాయే అంకుల్. బ్యాటరీ పాతబడితే ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగినప్పుడు వోల్టేజీ పడిపోతుంది, ఫోన్ దానంతటదే ఆగిపోతుంది. ఎన్నేళ్లయింది కొని?" అంది. నాలుగేళ్లు. "ఇలా తరచూ అవుతుంటే ఏ సెట్టింగూ పనిచేయదు, బ్యాటరీ మార్పించాల్సిందే" అని తేల్చేసింది.

ఫోన్ లేచాక బావమరిది వైద్యం బయటపడింది. బ్యాటరీ సేవర్ అని ఒక యాప్ వేశాడు. బ్యాటరీ వాడకం పట్టికలో పైనుంచి మూడోది అదే. గంటగంటకూ నిద్రలేచి "మీ బ్యాటరీని కాపాడాను" అని చెప్పి, ఒక ప్రకటన చూపించి పడుకుంటుంది. "అరగంటకోసారి యాప్స్ అన్నీ పైకి తోసెయ్ బావా" అని కూడా చెప్పాడు. నేను నమాజు వేళల్లాంటి నియమంతో తోస్తూ వచ్చాను. తోసిన వాట్సాప్ మళ్లీ మొదటినుంచి తెరుచుకోవడానికే ఎక్కువ ఖర్చట. వాడకుండా వదిలేసిన యాప్స్‌ని ఆండ్రాయిడ్ ఎలాగూ నిద్రపుచ్చుతుందట. డార్క్ మోడ్ పెట్టాడు సరే, నాది ఎల్‌సీడీ స్క్రీన్. నల్లగా కనిపించినా వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. అది ఓఎల్ఈడీ ఉన్నవాళ్లకు పనికొచ్చే మాట.

అసలు దొంగ వేరే ఉన్నాడు. పట్టికలో అన్నిటికంటే పైన స్క్రీన్ ఉంది, అది మామూలే. దాని కింద మొబైల్ నెట్‌వర్క్. నాకు రెండు సిమ్ములు. రెండోదానికి మా ఇంట్లో సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. టవర్ ఎంత దూరమైతే ఫోన్ అంత గట్టిగా అరవాలి, దొరక్కపోతే వెతుకుతూనే ఉండాలి. నేను నిద్రపోతున్నా అది వెతుకుతూనే ఉంటుంది. రాత్రి పడుకునేటప్పుడు 60, పొద్దున లేచేసరికి 38 ఎందుకో అప్పుడు అర్థమైంది.

ఆ అమ్మాయి రెండో సిమ్ ఆపింది. మా పేటలో 5జీ వస్తూపోతూ ఉంటుందని చెబితే 4జీకి మార్చింది. స్క్రీన్ ఆరే సమయం పది నిమిషాలుంటే (అదీ మావాడి పుణ్యమే, "సీరియల్ చూసేటప్పుడు ఆరకుండా" అట) 30 సెకన్లకు తెచ్చింది, వెలుగును ఆటోలో పెట్టింది. బ్లూటూత్ కూడా ఆపమన్నాను. "ఊరికే ఉంటే అది తినేదెంత అంకుల్, వదిలేయండి" అని నవ్వి, సేవర్ యాప్‌ని తీసేసింది.

బ్యాటరీ 4 శాతానికి వచ్చింది. థాంక్స్ చెప్పి గేటుకు పరిగెత్తాను. ఎర్రలైటు. మళ్లీ కౌంటర్.

"లోపల ఎక్కువసేపు ఉన్నారు సార్. అదనపు ఛార్జీ కట్టాలి."

వంద నోటు తీశాను.

"చిల్లర లేదు సార్. ఫోన్‌తో స్కాన్ చేసేయండి."